కురుసుర జలాంతర్గామి మీద ఒక రుబాయీ: పదును మూడో పాదం నుంచి నాలుగో పాదానికి చేరిన తీరు

రుబాయీ నాలుగు పాదాల కవిత. మొదటి, రెండవ, నాలుగవ పాదాల చివర ఒకే ప్రాస పలుకుతుంది. మూడవ పాదానికి ఆ ప్రాస ఉండదు. ప్రాస నాలుగింటికీ ఉన్న రుబాయీలు పారసీలో లేకపోలేదు కానీ, ఖయ్యాం పేరుతో లోకానికి తెలిసినదీ, 1859లో ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు యథాతథంగా నిలుపుకున్నదీ మూడో పాదాన్ని విడిచిపెట్టే ఈ పద్ధతే. మొదటి రెండు పాదాలు చెవికి ఒక ధ్వనిని అలవాటు చేస్తాయి, మూడవది దాన్ని ఇవ్వకుండా ఆపుతుంది, నాలుగవది తిరిగి ఇస్తుంది. మూడో పాదం ముగిసేసరికి చెవి ఆ ధ్వని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది కాబట్టి, ఆ ఎదురుచూపు తీరే చోట ఏ మాట పడితే ఆ మాటకు మిగిలిన మూడు పాదాల బరువూ తోడవుతుంది. రుబాయీ రాసేవాడి పనిలో ముఖ్యభాగమంతా ఆ ఒక్క స్థానాన్ని వృథా పోనివ్వకుండా చూసుకోవడమే.

మన వృత్త పద్యానికి అలవాటు పడిన చెవికి ఈ ఎదురుచూపు కొత్త. ఉత్పలమాలలోనైనా మత్తేభంలోనైనా ప్రాస ప్రతి పాదంలోనూ రెండవ అక్షరంగా వస్తుంది, నాలుగు పాదాల్లోనూ తప్పకుండా వస్తుంది. దువ్వూరి రామిరెడ్డి గారు ఖయ్యాంను తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడు భావమూ మత్తూ వచ్చాయి గానీ, ఒక పాదాన్ని ప్రాస లేకుండా వదిలే అమరిక ఆ ఛందస్సులో ఇమడదు. అందుచేత పద్యాల మీదుగా రుబాయీకి వచ్చిన తెలుగు కవులు తరచుగా నాలుగో పాదాన్ని పద్యం నాలుగో పాదంలాగే, చెప్పిన విషయాన్ని ముగించే చోటుగా వాడతారు. కింది ఉదాహరణలో జరిగింది కూడా అదే. దాన్ని సరిచేసిన క్రమాన్ని, వదిలేసిన పాదాలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ఈ నాలుగు పాదాలు నా దగ్గరకు తెచ్చినవారు విశాఖపట్నంలో ఓడల నిర్మాణంలో వెల్డరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన. నేను ఆయనను బాబాయి గారూ అని, ఆయన నన్ను మాస్టారూ అని పిలుచుకుంటాం. ఆయన ఎంచుకున్న వస్తువు రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద నిలిపిన కురుసుర. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో భారత నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001లో విధుల నుంచి తప్పుకుంది. 2002లో దాన్ని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా తెరిచారు. టికెట్టు కొన్నవారు ఒక కొసన ఎక్కి, ఇరుకైన లోపలి భాగమంతా నడిచి, రెండో కొసన దిగుతారు. బాబాయి గారు తెచ్చిన మొదటి రూపం ఇది:

నీటి లోపల దాగియున్నది నిన్నమొన్నటి కల
శత్రువోడను చుట్టి పట్టిన చావు పన్నిన వల
టిక్కెటొక్కటి కొంటె చాలును లోన చూడగ మరి
కాలమన్నది ఎంత వింతది తీరమెక్కిన అల

నడకలో లోపమేమీ లేదు. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికీ సున్న ఉన్న అక్షరానికీ సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరానికీ రెండు చొప్పున లెక్కవేస్తే, ప్రతి పాదంలో మూడూ నాలుగూ కలిసిన ఏడు మాత్రల గణాలు మూడు వచ్చి, చివర రెండు మాత్రల ప్రాసపదం మిగులుతుంది. ‘నీటి లోపల’ ఏడు, ‘దాగియున్నది’ ఏడు, ‘నిన్నమొన్నటి’ ఏడు, ఆపైన ‘కల’. పారసీ రుబాయీకి హజజ్ ఛందస్సు నుంచి పుట్టిన ఇరవై నాలుగు రకాల నడకలను వారి లాక్షణికులు చెప్పారు. తెలుగులో రాసేవారు వాటిని అనుసరించరు, చెవికి పట్టిన ఏదో ఒక మాత్రాగతిని ఎంచుకుని నాలుగు పాదాల్లోనూ దాన్నే నిలుపుతారు. మిశ్రగతి బాబాయి గారికి సహజంగా పలికింది కనుక దాన్ని మార్చవలసిన అవసరం నాకు కనబడలేదు.

లోపమంతా భావం పాదాల మధ్య పంచబడిన తీరులో ఉంది. ఈ నాలుగు పాదాల్లో చదివేవాడిని ఆపే మాట ఒక్కటే, అది టికెట్టు. సముద్రగర్భంలో ఎవరికీ చిక్కకుండా తిరిగిన యుద్ధనౌకను ఇప్పుడు టికెట్టు కొని చూడవచ్చుననేది ఆయన కళ్ళకు కనబడిన విడ్డూరం, ఈ కవిత పుట్టడానికి కారణం కూడా. అది మూడో పాదంలోనే బయటపడిపోయింది. మూడో పాదానికి ప్రాస లేదు కాబట్టి ఆ విడ్డూరం ఏ ధ్వని ఊతమూ లేకుండా జారిపోయింది, ఆపైన ప్రాస బలమంతా ఉన్న నాలుగో పాదానికి చెప్పడానికి కొత్తగా ఏమీ మిగలక, కాలం ఎంత వింతదో అన్న వ్యాఖ్య వచ్చి కూర్చుంది. ఆ వ్యాఖ్యను పాత కోట మీదైనా, మూతపడిన సినిమా హాలు మీదైనా, బాల్యస్నేహితుడి మీదైనా పెట్టవచ్చు. ఏ వస్తువుకైనా అతికే నాలుగో పాదం కనబడితే, అసలు మాట మూడో పాదంలోనో రెండో పాదంలోనో ముందే ఖర్చయిపోయిందని దాదాపుగా నిర్ణయించుకోవచ్చు.

రెండవ గుర్తు ప్రాసపదాల్లో ఉంది. కల, వల, అల అనే మూడూ తెలుగులో కలం పట్టిన ప్రతివారికీ వెతక్కుండానే దొరికే మాటలు. మొదటి పాదం చివర ‘కల’ విన్న శ్రోత మిగిలిన రెండూ ఏమిటో అక్కడే ఊహించేస్తాడు, కనుక మూడో పాదం ఎంత ఆపినా అతనిలో ఎదురుచూపు పుట్టదు. మూడవ గుర్తు ‘మరి’. రెండు మాత్రల ఖాళీ నింపడానికి తప్ప ఆ మాటకు అక్కడ వేరే పని లేదు. మూడో పాదం ఇలా పూరణపదంతో ముగిస్తే వాక్యం అక్కడ పూర్తయిపోయిన భావం కలుగుతుంది, నాలుగో పాదం వేరే కవితలాగా మొదలవుతుంది.

ఇవి చెప్పినప్పుడు బాబాయి గారు ‘అల’ మీద కొంత వాదించారు. “తీరమెక్కిన అల అంటే కురుసురే కదా మాస్టారూ, పోలిక బాగానే ఉంది కదా” అన్నారు. పోలిక తప్పు కాదు. కానీ ఉక్కుతో చేసి, తాళ్ళు కట్టి ఒడ్డుకు లాగిన నౌకను అల అనగానే అది తేలికైపోతుంది, అన్నేళ్ళు వెల్డింగు చేసిన మనిషి రాసిన మాటలా ఉండదు. ఆ మాట విన్నాక ఆయన ‘అల’ను వదులుకున్నారు.

అక్కడి నుంచి పనిని చివర నుంచి మొదలుపెట్టాం. ముందు ఆయన చెప్పదలచుకున్నది వచనంలో, ఒక్క వాక్యంలో చెప్పమన్నాను. “ఏ దేశమూ కనిపెట్టలేనిదాన్ని ఇప్పుడు చిన్న పిల్లవాడు టికెట్టు కొని చూసి వస్తున్నాడు” అన్నారు. అందులో మొదటి రూపంలో లేని పిల్లవాడు వచ్చాడు. ఎవరైనా టికెట్టు కొని చూడవచ్చుననడం కంటే పిల్లవాడు చూసి వస్తున్నాడనడం పదునుగా ఉంది, ఎందుకంటే ఒక పక్క దేశాల గూఢచర్యమూ మరో పక్క ఒక పిల్లవాడూ నిలబడితే తేడా చెప్పకుండానే తెలుస్తుంది. ఇటువంటి వివరాలు పద్యంలో ఆలోచించినప్పుడు కాకుండా మామూలు మాటల్లో చెప్పించినప్పుడే తరచుగా బయటికి వస్తాయి. నేను ప్రతి రుబాయీకీ ముందు వచనవాక్యం అడగడానికి కారణం ఇదే.

ఆ వాక్యం ‘వస్తున్నాడు’ అనే క్రియతో ముగిసింది. తెలుగు వాక్యం సహజంగా క్రియతో ముగుస్తుంది కనుక, పాదాన్ని వాక్యంలాగే రాసుకుంటూ పోతే ప్రాస ఎప్పుడూ క్రియల చివర పడుతుంది. దాగింది, సాగింది, చేరింది అన్న వరుస కష్టపడకుండా వస్తుంది. ఆ ప్రాసలో కలిసేది చాలావరకు ‘ఇంది’ అనే ప్రత్యయం. అది తెలుగులోని దాదాపు ఏ క్రియకైనా తగులుతుంది కనుక వినేవాడికి అందులో ఆశ్చర్యం ఉండదు. నాలుగో పాదం చివర అటువంటి ప్రాస పడితే వాక్యం ముగిసిందని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు. అందువల్ల చివరి స్థానంలో నామవాచకం రావడం మేలు. దానికి వాక్యాన్ని కృత్రిమంగా తలకిందులు చేయనక్కరలేదు. క్రియ లేని వాక్యాలు తెలుగులో ఎన్నో ఉన్నాయి. ‘చాలు’ లాంటి మాటలు వాక్యం ముందుకు వచ్చి, కావలసిన వస్తువును చివరికి నెట్టడం రోజూ మాట్లాడే భాషలోనే ఉంది. చాలు ఒక గ్లాసు, చాలు ఒక్క మాట అంటూనే ఉంటాం. అందుచేత నాలుగో పాదం చివర ‘చాలు టికెట్టు’ అని నిర్ణయించుకున్నాం.

గజల్లోలాగా ప్రాస తరువాత మళ్ళీ మళ్ళీ వచ్చే మాటను, అంటే రదీఫ్‌ను, రుబాయీలో కూడా పెట్టుకోవచ్చు. బాబాయి గారికి గజళ్ళు ఇష్టం కాబట్టి ఇక్కడా ఒకటి ఉంటే బాగుంటుందని అన్నారు. ఈ కవితకు అది అడ్డు. రదీఫ్ ఉంటే చివరి మాట ఏమిటో రెండో పాదానికే అందరికీ తెలిసిపోతుంది, పదును దానికి ముందున్న కాఫియాలో, అంటే ప్రాసపదంలో పడాలి, ఆ తరువాత తెలిసిన మాట ఒకటి ఇంకా వినవలసి ఉంటుంది. పదునంతా ఒక్క మాటలో ఉన్నప్పుడు, ఆ మాట తరువాత మౌనం తప్ప మరేమీ రాకూడదు. ఏదైనా ప్రశ్నో, నిట్టూర్పో ప్రతి పాదంలో మారుతున్న అర్థంతో తిరిగి రావలసిన రుబాయీకి రదీఫ్ బాగా పనికివస్తుంది, కానీ ఇది ఆ తరహా కాదు.

ఇక ‘టికెట్టు’కు ప్రాసలు వెతకాలి. బాబాయి గారు మరుసటి సారి తెచ్చిన రెండు పాదాలు ఇవి:

లోతులోనే దాచుకున్నది యుద్ధకాలపు గుట్టు
నీటినొదిలీ ఇసుక చేరిన ఇనుప దేహపు గట్టు

మొదటి పాదం విడిగా చూస్తే మంచి పాదమే. కానీ గుట్టు, గట్టు, టికెట్టు అన్న వరుసలో ‘ట్టు’ మాత్రమే కలుస్తోంది, దానికి ముందున్న అచ్చు మూడుచోట్లా మూడు రకాలుగా ఉంది. కాఫియాలో చివరి హల్లుతోబాటు దాని ముందరి అచ్చు కూడా నిలకడగా ఉండాలన్నది ఉర్దూ, పారసీ కవులు గట్టిగా పాటించే నియమం. తెలుగులో చాలామంది దీన్ని సడలిస్తారు, కొన్నిచోట్ల సడలింపు వినడానికి చెడుగా కూడా ఉండదు. ఇక్కడ మాత్రం నేను పట్టుబట్టాను. మూడో పాదం ప్రాసను దాచిపెట్టిన తరువాత నాలుగో పాదంలో అది తిరిగి వచ్చినప్పుడు శ్రోత వెంటనే గుర్తుపట్టాలి. మొదటి రెండు పాదాలు చెవిలో ‘ఎట్టు’ అన్న ధ్వనిని స్పష్టంగా నాటితేనే ‘టికెట్టు’ అన్న అన్యభాషా పదం, కవిత్వంలో ఊహించని ఆ బజారు మాట, ప్రాస బలంతో తన చోటు తాను సంపాదించుకుంటుంది. ప్రాస వదులుగా ఉంటే అదే మాట హాస్యానికి తెచ్చి పడేసినట్లుంటుంది.

రెండో పాదంలో ఇంకో చిక్కు ఉంది. నీటిని వదిలి ఇసుకను చేరడం అక్కడే చెప్పేస్తే నాలుగో పాదం మలుపు సగం తెలిసిపోతుంది. ఒడ్డు, ఇసుక, తీరం అనే మాటలు మొదటి మూడు పాదాల్లో ఎక్కడా కనబడకూడదని, ఆ మూడు పాదాలూ నీటి కిందే ఉండాలని అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం.

ఎట్టు అన్న ధ్వనితో ముగిసే మాటలు రాసుకుంటే చెట్టు, మెట్టు, బెట్టు, గొడ్డలిపెట్టు మొదలైనవి వచ్చాయి. చెట్టుకు ఈ వస్తువుతో పని లేదు. ‘మెట్టు’ మీద బాబాయి గారికి మోజు కలిగింది, ఎందుకంటే కురుసుర లోపలికి వెళ్ళడానికి మెట్లు ఎక్కాలి. కానీ ఆ మెట్టు ప్రదర్శనశాల మెట్టు, కనుక మా నియమం ప్రకారం అది కూడా ఒడ్డే. మిగిలిన రెండూ నీటి కింద ఇమిడాయి. ఎవరికీ కనబడకపోవడాన్ని దాని బెట్టుగా చెప్పవచ్చు. శత్రువుకు అది గొడ్డలిపెట్టు. ఒకటి స్వభావం, ఒకటి శక్తి. ప్రాసపదం రెండు మాత్రల ‘కల’ నుంచి మూడు మాత్రల ‘బెట్టు’కు మారింది కాబట్టి పాదం ఇప్పుడు ఏడు, ఏడు, ఏడు, మూడుగా స్థిరపడింది. టికెట్టులోని ‘టి’ మూడో గణంలోకి పోయి ‘కెట్టు’ చివర మిగులుతుంది. ఆ విరుపు వల్ల తరువాత ఒక తమాషా జరిగింది, దాన్ని దాని చోట చెబుతాను.

ఈ దశలో వచ్చిన రూపం:

లోతులోనే దాగి బతకడమొకటె దానికి బెట్టు
శత్రువోడకు నీటినుండే తగులు గొడ్డలిపెట్టు
దేశదేశపు కళ్ళు వెతికీ కనని కడుపును నేడు
పిల్లవాడికి చూపడానికి చాలు చిన్న టికెట్టు

నాలుగో పాదం ఇక్కడే కుదిరింది, ఆ తరువాత మారలేదు. మూడో పాదం మీద మాత్రం చాలా పని మిగిలింది. రుబాయీలో మూడో పాదాన్ని చాలామంది ప్రాస బాధ లేని పాదంగా, కొంత సేద తీరే చోటుగా చూస్తారు. నా అనుభవంలో నాలుగింటిలోకీ కష్టమైనది అదే, ఎందుకంటే దానికి తనదంటూ మెరుపు ఉండకూడదు, అదే సమయంలో వాక్యం ఆగిపోనూ కూడదు. వాక్యం అక్కడ పూర్తికాకుండా, అర్థం కోసం నాలుగో పాదంలోకి ఒరిగి ఉండాలి. తెలుగులో దీనికి అనువైన సామగ్రి పుష్కలంగా ఉంది. చేస్తే, చేసినా, చేసి, చేసేసరికి వంటి అసమాపక క్రియలతోగానీ, క్రియ కోసం కాచుకుని ఉన్న కర్మపదంతోగానీ మూడో పాదాన్ని ముగిస్తే, వినేవాడు తనకు తెలియకుండానే ముందుకు వంగుతాడు. ‘కడుపును’ అన్న కర్మపదం ఆ పని చేస్తోంది. దాని తరువాతి ‘నేడు’ చేయడం లేదు.

‘నేడు’ అనగానే నిన్న ఒకలా ఉండేది, ఇప్పుడు ఇంకోలా ఉందని చెప్పబోతున్నామని తెలిసిపోతుంది. మలుపు రాకముందే మలుపు ఉందని బోర్డు పెట్టినట్లయింది. పైగా అది ‘డు’తో ముగుస్తోంది. ట్టు, డు రెండూ నాలుక మడిచి పలికే అక్షరాలు కాబట్టి, బెట్టు, పెట్టు విన్న చెవికి ‘నేడు’ సగం ప్రాసలా తగిలి, పాదం ప్రాసను పూర్తిగా వదిలిందో లేదో తేల్చుకోలేని స్థితి వస్తుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఉకారం మరీ ఎక్కువ, కనుక మూడో పాదంలో ఆ అచ్చును తప్పించడం ఎప్పుడూ సాధ్యపడదు. హల్లునైనా నోటిలో వేరే చోట పుట్టేదాన్ని ఎంచుకోవాలి. మూడో పాదం సరిగా వదిలిందో లేదో తెలుసుకోవడానికి, అర్థం పట్టించుకోకుండా నాలుగు ప్రాసస్థానాల మాటలను మాత్రమే వరుసగా పైకి చదివి చూస్తే చాలు. బెట్టు, పెట్టు, నేడు, టికెట్టు అని చదివినప్పుడు బాబాయి గారికే అది తెలిసింది.

‘కనని కడుపు’ మరో ఇబ్బంది. చూడని కడుపు అన్నది మా ఉద్దేశం, కానీ తెలుగువాడెవరైనా ముందుగా వినేది పిల్లల్ని కనని కడుపు అనే. తరువాతి పాదం పిల్లవాడితో మొదలవుతుంది కాబట్టి అపార్థం మరింత గట్టిపడుతుంది. గదులు, లోపల, పొట్ట వంటి మాటలు పెట్టి చూశాం. గదులు అంటే ఇల్లు గుర్తొస్తుంది, ‘పొట్ట’లో మళ్ళీ ‘ట్ట’ ఉంది. నిజానికి ‘కడుపు’ అనే మాట బాబాయి గారిది, నౌక లోపలి ఖాళీ కోసం ఆయన వాడినది. లోపలికి దిగి పనిచేసిన మనిషికి అది ఊరికే వచ్చిన అలంకారం కాదు కాబట్టి దాన్ని ఉంచి ముందున్న ‘కనని’ని మార్చడమే మంచిదని తేలింది. చివరకు పాదాన్ని తిరగవేసి ‘వెతికి వెతికిన దేశదేశపు కళ్ళకందని కడుపు’ అన్నాం. ‘నేడు’ పోయింది. పాదం పెదవులతో పలికే ‘పు’ దగ్గర ఆగింది. ‘కడుపు’ ఏమైందో చెప్పే మాట నాలుగో పాదంలో తప్ప ఎక్కడా లేదు. వెతకడం రెండుసార్లు రావడం వల్ల వెతుకులాట సాగినంత సేపూ పాదమూ సాగుతుంది, అది మంచిదే.

రెండో పాదాన్ని మార్చింది పూర్తిగా బాబాయి గారే. ‘తగులు’ అన్న పాత రూపం మిగిలిన మూడు పాదాల వాడుక భాష పక్కన ఒంటరిగా ఉందని నేను అన్నాను. ఆయన దాన్ని మాత్రమే మార్చకుండా పాదమంతా మార్చేశారు. “శత్రువు అన్న మాట ఎందుకు మాస్టారూ, పైనున్న ఓడకి కింద ఏముందో తెలీదు, అది చాలు కదా” అంటూ ‘పైన ఓడకు తెలియకుండా కింద గొడ్డలిపెట్టు’ అన్నారు. మాత్రలు సరిగ్గా పడ్డాయి. పైన, కింద అన్న రెండు మాటలతో సముద్రపు లోతు కళ్ళకు కట్టింది, తెలియకుండా ఉండడమన్న భావం మొదటి పాదంలోని బెట్టును కొనసాగించి మూడో పాదంలోని వెతుకులాటకు దారి వేసింది. నేను సూచించగలిగిన దానికంటే ఇది మేలైన పాదం.

నాలుగో పాదం కుదిరిందన్నాను కానీ, దాన్ని కదిపి చూడకుండా వదల్లేదు. ‘చిన్న’ అనే మాట పూరణమేమో అన్న అనుమానం ఉండేది. ‘చాలునొక్క టికెట్టు’ అన్నా మాత్రలు సరిపోతాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ‘ఒక్క’ లెక్క మాత్రమే చెబుతోంది, ‘చిన్న’ అయితే చేతిలోని కాగితం ముక్కను చూపిస్తూ, పిల్లవాడి చిన్నతనాన్నీ తాకుతూ, పై పాదంలోని దేశాలన్నిటి ముందూ నిలబడుతోంది. ఇంతలో బాబాయి గారికి ఇంకా పదునైనదొకటి తట్టింది: పిల్లవాడు కాబట్టి అర టికెట్టు. ‘చాలును అర టికెట్టు’ అంటే మాత్రలు కూడా సరిపోతాయి, భావం ఇంకా వంకరగా, ముచ్చటగా ఉంటుంది. కాగితం మీద ఇద్దరికీ నచ్చింది. పైకి చదివేసరికి, మూడో గణం ‘టి’ దగ్గర విరుగుతుంది కనుక, ‘చాలును అరటి, కెట్టు’ అని వినబడింది. యుద్ధనౌక చివర అరటిపండు ప్రత్యక్షమైతే రుబాయీ సంగతి చెప్పనక్కరలేదు. ‘చిన్న’ తిరిగి తన చోటికి వచ్చింది.

చివరి రూపం:

లోతులోనే దాగి బతకడమొకటె దానికి బెట్టు
పైన ఓడకు తెలియకుండా కింద గొడ్డలిపెట్టు
వెతికి వెతికిన దేశదేశపు కళ్ళకందని కడుపు
పిల్లవాడికి చూపడానికి చాలు చిన్న టికెట్టు

రుబాయీ పూర్తయిందో లేదో చూడటానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. కవిత తెలియనివారికి మూడు పాదాలు చదివి ఆపాలి, నాలుగో పాదం ఏ మాటతో ముగుస్తుందో ఊహించమనాలి. సరిగ్గా ఊహించారంటే ప్రాసపదం అరిగిపోయినదైనా అయి ఉండాలి, మలుపు ముందే బయటపడైనా ఉండాలి. ఊహించలేకపోయి, విన్న తరువాత కూడా “ఇదెక్కడిది?” అన్నట్లు చూశారంటే మొదటి మూడు పాదాలు నాలుగో పాదానికి నేల సిద్ధం చేయలేదని అర్థం. కావలసింది ఈ రెండింటికీ మధ్యలో ఉంది: ముందు తెలియకూడదు, విన్నాక ఇంకోటి కుదరదనిపించాలి. బీచ్ రోడ్డులో సాయంత్రాలు కలిసే మిత్రులకు దీన్ని చదివి ఆపినప్పుడు కొందరు ‘గుట్టు’ అన్నారు, ఒకరు ‘కనికట్టు’ అన్నారు. అంటే వారి ఊహ ఇంకా నీటి కిందే, రహస్యం చుట్టూనే తిరుగుతోంది, ఒడ్డుకు రాలేదు. నాలుగో పాదం చదివాక వచ్చిన నవ్వు, ఒక క్షణం ఆగి వచ్చింది.

చదివే తీరులో కూడా ఒక జాగ్రత్త ఉంది. ముషాయిరాలలో ఒక పాదాన్ని రెండుసార్లు చదవడం మామూలే. ఇక్కడ మొదటి పాదాన్నీ మూడో పాదాన్నీ తిరిగి చదవవచ్చు. మూడో పాదం రెండోసారి విన్నప్పుడు ఎదురుచూపు పెరుగుతుంది. నాలుగో పాదాన్ని మాత్రం ఒక్కసారే, ‘చాలు’ దగ్గర కొద్దిగా ఆగి, మిగిలిన రెండు మాటలనూ మామూలు గొంతుతో చదవాలి. బాబాయి గారు మొదట్లో ‘టికెట్టు’ను గట్టిగా, చేయి ఊపి చదివేవారు. అలా చదివితే శ్రోత నవ్వవలసిన చోటును కవే చూపించినట్లవుతుంది.

శీర్షిక దగ్గర కొంత తర్జనభర్జన జరిగింది. రుబాయీకి శీర్షిక పెట్టే ఆచారం సాధారణంగా లేదు. కానీ ఈ నాలుగు పాదాల్లో జలాంతర్గామి అన్న మాట ఎక్కడా లేదు. ఆ మాటకు ఎనిమిది మాత్రలు, మన ఏడు మాత్రల గణంలో ఇమడదు, ఇమిడినా వస్తువు పేరు చెప్పేసినట్లవుతుంది. బాబాయి గారు పైన ‘కురుసుర’ అని రాద్దామన్నారు. విశాఖలో ఆ పేరు వినగానే ఎవరికైనా బీచ్, ఇసుక, టికెట్ల కౌంటరు గుర్తుకు వస్తాయి, అప్పుడు నాలుగో పాదం మొదటి పాదానికి ముందే చదివినట్లు. వేరే ఊళ్ళో చదివితే ఆ పేరు చాలామందికి తెలియదు కాబట్టి శీర్షిక వల్ల ప్రయోజనమే లేదు. అందుచేత అచ్చులో ‘జలాంతర్గామి’ అనే పెట్టించాం. సభలో చదివేటప్పుడు మాత్రం ఆయన ఏ పరిచయమూ చెప్పకుండా నేరుగా ‘లోతులోనే’ అని మొదలుపెడతారు.